రాజీనామా వెనకవైపు

రాజీనామా ఉత్తరం రాయడంలో ఏముంది, నాలుగు వాక్యాలు, కింద సంతకం అనుకునేవాళ్ళని ఒకసారి ఆ డీలరమ్మ పక్కన కూర్చోబెట్టాలి. బ్యాంకులో డాలర్లు కొని అమ్మే మనిషి. కోట్లలో బేరం, కంటి రెప్ప కొట్టేంతలో రేటు చెప్పెయ్యాలి, చెప్పాక వెనక్కి తీసుకోకూడదు. అలాంటిది, ఈ నాలుగు ముక్కల ఉత్తరానికి వారం పట్టింది. రాయడం, చింపడం. మళ్ళీ రాయడం, మళ్ళీ చింపడం.

"ఆ చెత్తబుట్ట చూస్తే నువ్వు ఉద్యోగం మానేస్తున్నావా, కాగితాల వ్యాపారం పెడుతున్నావా అని అనుమానంగా ఉందే" అన్నాడు మొగుడు పొద్దున్నే. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇంటి ఖర్చుకి ఏడాదిపాటు తన జీతం చాలుతుందని లెక్కలేసి, గోడకి అంటించి, "ఇంక నీ ఇష్టం" అని చెప్పి ఊరుకున్న మనిషి.

అత్తగారు మాత్రం ఊరుకోలేదు. "ఏమ్మా, ఉన్న ఉద్యోగం బానే ఉంది కదా. ఎవరి కోసం ఈ తిప్పలు?"

"తీగలాయన కోసం అత్తయ్యా."

"ఎవరే ఆయన? మనకేమవుతాడు?"

"ఏమీ అవడు" అంది డీలరమ్మ. అనేసి, ఆ మాట తనకే నచ్చక, ఆఖరి కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని బయల్దేరింది.

తీగలాయన సంగతి చెప్పాలి. మోటార్లకి చుట్టే రాగి తీగ తయారుచేసే చిన్న కార్ఖానా ఆయనది. రాగి కడ్డీలు విదేశాల నుంచి తెప్పించుకుంటాడు, డబ్బు డాలర్లలో కడతాడు. కట్టేరోజుకి డాలర్ ఎంతకెళుతుందో ఎవరికి తెలుసు? అందుకని ముందే బ్యాంకుకి ఫోన్ చేసి, ఫలానా తేదీకి ఫలానా రేటు అని ఖాయం చేసుకుంటాడు. దాన్నే వాళ్ళు కవర్ అంటారు. ఆ కవర్ తీసేది మన డీలరమ్మే. అక్కడికి బాగానే ఉంది. కానీ రాగి రేటు మాటేమిటి? డాలర్ కదలకపోయినా రాగి పెరిగితే మనిషి మునుగుతాడు. సగం కప్పు నేసిన ఇంట్లో వానాకాలం గడిపినట్టుంటుంది ఆయన బతుకు. రాగికి కవర్ ఇప్పించే విభాగం ఆ బ్యాంకులోనే ఉంది గానీ, అది పెద్ద కంపెనీలకే. తీగలాయన కొనే రాగి వాళ్ళ కంటికి ఆనదు.

కిందటేడాది ఆయన మోటార్ల కంపెనీకి ఒకే రేటు మీద తీగ ఇస్తానని ఒప్పుకున్నాడు. రాగి పెరుగుతుందేమోనని భయపడి, ఎవరో చెబితే బ్రోకర్ దగ్గరకెళ్ళి ఎక్స్చేంజీలో రాగి ముందస్తు బేరం కొనుక్కున్నాడు. మంచి పనే చేశాడు పాపం. ఆ తర్వాత రాగి పడడం మొదలైంది. పడినప్పుడల్లా ఆ తేడా ఏరోజుకారోజు కట్టమని బ్రోకర్ ఫోను. నిజానికి అందులో నష్టమేమీ లేదు. ఇక్కడ పోయింది, రేపు అసలు రాగి చవగ్గా కొన్నప్పుడు అక్కడ వచ్చేస్తుంది. కానీ చేతిలోంచి పోయేది ఇవాళ, వచ్చేది ఎప్పుడో. ఆయనకి నిద్ర కరువైంది. డీలరమ్మకి ఫోన్ చేసి, "అమ్మాయ్, ఈ బేరం తెంపేసుకోనా, ఉంచుకోనా? ఏం చెయ్యమంటావు తల్లీ?" అని అడిగాడు.

బ్యాంకు డీలరు సరుకుల బేరాల మీద సలహా చెప్పకూడదు, అది నియమం. "అది నా పరిధిలోది కాదండీ" అంది. ఆయన తెంపేసుకున్నాడు. కట్టిన డబ్బు పోయింది. అది పోయిన కొన్నాళ్ళకే రాగి జివ్వున లేచింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. కార్ఖానాలో సగం యంత్రాలు అమ్ముకున్నాడు.

ఆ "నా పరిధిలోది కాదండీ" అన్న మాట ఆవిణ్ణి పురుగులా తొలిచేసింది. తీగలాయన ఒక్కడే కాదు. నూనె మిల్లు వాళ్ళు, అల్యూమినియం గిన్నెల వాళ్ళు, బ్యాటరీల వాళ్ళు, అందరిదీ ఇదే కథ. ఎవరికీ తెలివి తక్కువై కాదు. రేటు ఎదురు తిరిగిన రోజున పక్కన కూర్చుని "ఆగండి, కంగారు పడకండి" అనే మనిషి లేక. ఆ మనిషిని తనే అవుదామనుకుంది. చిన్న గది, ఒక కంప్యూటరు, లైసెన్సుకి పరీక్ష కూడా రాసి పాసైంది. ఇంక మిగిలింది పెద్దాయనకి ఉత్తరం ఇవ్వడమే. అసలు గండం అదే.

పెద్దాయన డీలింగ్ రూముకి అధిపతి. వెనకాల అందరూ తక్కెడ అంటారు. ఒక్క గింజ అటూ ఇటూ మొగ్గడు. డీలరమ్మ కాలేజీ నుంచి బిక్కుబిక్కుమంటూ వచ్చినప్పుడు పక్కన కుర్చీ వేసుకుని పని నేర్పించింది ఆయనే. మొదటిసారి తప్పు రేటు చెప్పి నష్టం తెచ్చి బాత్రూములో ఏడుస్తుంటే, బయట నిలబడి, "ఏడుపయ్యాక రా, మార్కెట్ ఇంకా తెరిచే ఉంది" అన్నదీ ఆయనే. అంతకు మించి మెచ్చుకోలు ఆయన నోట ఇంతవరకూ ఎవరూ వినలేదు.

ఆవిడ అడగబోయేది ఉత్తరం తీసుకోమని మాత్రమే అయితే పర్వాలేదు. ఉద్యోగంలో చేరినప్పుడు సంతకం పెట్టిన ఒప్పందంలో ఒక షరతుంది. మానేశాక ఏడాదిపాటు, తను చూసిన ఖాతాదారుల గడప తొక్కకూడదు. ఆవిడకి తెలిసిన చిన్న వ్యాపారులంతా ఆ ఖాతాదారులే. బ్యాంకు ఆ షరతు సడలించకపోతే, ఏడాదిపాటు ఆ చిన్న గదిలో కూర్చుని ఈగలు తోలుకోవాలి. ఈలోగా తీగలాయన లాంటివాళ్ళు ఎంతమంది మునుగుతారో. సడలించాలంటే పెద్దాయన సిఫారసు చెయ్యాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అద్దాల గదిలోకి వెళ్ళింది. ఉత్తరం బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని తెరవను కూడా లేదు.

"రాజీనామానా?"

డీలరమ్మ ఉత్తరం వైపు చూసింది. అది ఇంకా మడతలోనే ఉంది.

"రెండ్రోజులుగా నీ పొజిషన్ సున్నా. రేపు వడ్డీ రేట్ల ప్రకటన పెట్టుకుని చేతిలో ఒక్క డాలర్ లేకుండా కూర్చునే డీలరుకి జ్వరమన్నా వచ్చుండాలి, లేదా వెళ్ళిపోతూ అన్నా ఉండాలి. నీ మొహం చూస్తే జ్వరంలా లేదు."

దొరికిపోయింది. వెళ్ళేటప్పుడు ఎవరి నెత్తినా బరువు పెట్టకూడదని, తన బేరాలన్నీ తనే ముందుగా చక్కబెట్టుకుంది పిచ్చితల్లి. దొంగతనంగా వెళ్ళాలనుకునేవాళ్ళు ఎవరూ చెయ్యని పొరపాటు.

ఆయన ఉత్తరం విప్పి చదివాడు. వ్యక్తిగత కారణాల వల్ల వైదొలగుతున్నానని మొదటి ముక్క. షరతు సడలించ ప్రార్థన అని రెండో ముక్క. చదివి కళ్ళజోడు తీశాడు.

"వ్యక్తిగత కారణాలకి మన ఖాతాదారులెందుకమ్మాయ్?"

ఆవిడ చెప్పింది. చిన్నవాళ్ళు, సరుకుల ధరలు, సలహా. మూడు వాక్యాల్లో అయిపోయింది. ఆయన వింటున్నాడో లేదో తెలియలేదు.

"పై అంతస్తుకి నన్ను రమ్మంటున్నారు" అన్నాడు చివరికి. "ఈ కుర్చీలో నిన్ను కూర్చోబెట్టమని రాసి పంపాను. ఇంకో నెలలో కాగితాలు వచ్చేవి. ఇదంతా వదిలేసి గిన్నెలవాళ్ళకి సుద్దులు చెప్పడానికి వెళతావా?"

"వెళతాను సార్."

"అయితే వెళ్ళు. షరతు మాత్రం ఉంటుంది. నీకో న్యాయం, ఇంకొకరికో న్యాయం చెయ్యలేను."

గొంతులో కోపం కంటే వేరే ఏదో ఎక్కువుంది. అది విని డీలరమ్మకి కళ్ళు చెమర్చాయి. పెద్దాయన అటు తిరిగి ఫోనెత్తి, మామూలు పద్ధతి మొదలుపెట్టాడు. డీలరు రాజీనామా ఇచ్చిన నిమిషం నుంచీ కీబోర్డు ముట్టకూడదు, ఫోను ఎత్తకూడదు. కంప్యూటర్లలోకి దారి మూసేస్తారు, లైను మార్చేస్తారు, హెచ్ఆర్ నుంచి మనిషి వచ్చి గేటు దాకా సాగనంపుతుంది. నోటీసు కాలం మూడు నెలలూ జీతం తీసుకుంటూ ఇంట్లో కూర్చోవడమే. దొంగ అని కాదు, మార్కెట్ రహస్యాలు వేడిగా ఉన్నప్పుడు బయటికి పోకూడదని. ఎన్నోసార్లు చూసిందే అయినా, అద్దంలోంచి తన స్క్రీన్లు ఒక్కొక్కటే నల్లబడుతుంటే ఆఖరిది ఆరేదాకా ఆవిడ చూస్తూనే ఉంది.

హెచ్ఆర్ మనిషి వచ్చేదాకా ఇక్కడే కూర్చోమన్నాడు. ఇద్దరూ కూర్చున్నారు.

అప్పుడు మోగింది ఫోను. ఆవిడ లైనే, ఇప్పుడు పెద్దాయన బల్ల మీదకి మార్చారు. ఆయన స్పీకరు నొక్కాడు.

"అమ్మాయ్! నా కవర్ రద్దు చేసెయ్ తల్లీ!" తీగలాయన గొంతు. వెనకాల యంత్రాల చప్పుడు.

డీలరమ్మ చెయ్యి అలవాటుగా ముందుకెళ్ళింది. పెద్దాయన వేలు అడ్డం పెట్టి వద్దన్నట్టు తల ఊపాడు. ఆ గదిలోంచి ఖాతాదారుతో మాట్లాడే ప్రతి మాటా రికార్డవుతుంది. రాజీనామా ఇచ్చిన మనిషి గొంతు అందులో వినపడకూడదు.

"నేనండీ, డీలింగ్ హెడ్‌ని. చెప్పండి."

"అమ్మాయి లేదా సార్?"

"ప్రస్తుతం సీట్లో లేదు."

"అయ్యో. పోనీ మీరే చెయ్యండి. వచ్చే నెలకి డాలర్లు ఖాయం చేసుకున్నాను కదా, అది రద్దు. డాలర్ పొద్దుట్నుంచీ పడిపోతోంది. మా పక్క షెడ్డువాడు కవర్ తీసుకోలేదు, ఇవాళ నన్ను చూసి పళ్ళికిలిస్తున్నాడు. రేపు ఆ ప్రకటనతో ఇంకా పడుతుందట. నేనొక్కణ్ణే పాత రేటుకి కట్టుబడి చావాలా? మళ్ళీ పోయినసారి లాగా ఇంకా ఇంకా పోగొట్టుకోలేను సార్, నా వల్ల కాదు."

"రద్దు చెయ్యొచ్చు. ఇవాళ్టి రేటుకి లెక్కకట్టి, తేడా మీ ఖాతాలోంచి తీసుకుంటాం. చెయ్యమంటారా?"

నియమం ప్రకారం అక్షరం తప్పు లేదు. ఖాతాదారు అడిగాడు, బ్యాంకు సమాధానం చెప్పింది. కానీ డీలరమ్మకి ఫోనులోంచే తీగలాయన నుదురు మీద చెమట కనిపిస్తోంది. అవునన్నాడంటే నష్టం ఇవాళే ఖాయం. పైగా రేపు డాలర్ లేస్తే ఒంటి మీద గుడ్డ లేకుండా దొరికిపోతాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. మళ్ళీ అదే భయం, మళ్ళీ అదే తప్పు. తను మాత్రం మళ్ళీ నోరు మూసుకుని ఇక్కడే కూర్చుంది.

ఉండబట్టలేకపోయింది. చేతికి దొరికిన కాగితం లాక్కుని, బరబరా రాసి, పెద్దాయన ముందుకి తోసింది. దొరికింది ఏ కాగితమో ఆవిడ చూసుకోలేదు. తన రాజీనామాయే, వెనకవైపు తెల్లగా ఉంది.

పెద్దాయన చూశాడు. ఆవిణ్ణి చూశాడు. ఈ పని తప్పా ఒప్పా అని తక్కెడ అటూ ఇటూ ఊగడం డీలరమ్మకి స్పష్టంగా కనిపించింది. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క మాట. మీరు సరుకు డబ్బు ఎప్పుడు కట్టాలి?"

"వచ్చే నెలే సార్, ఇరవయ్యో తారీఖున. అందుకే కదా కవర్ తీసుకుంది."

"అంటే రద్దు చేసినా, అప్పుడు డాలర్లు కొనాల్సిందే."

"కొనాల్సిందే."

"తీగ అమ్మకానికి ఒప్పుకున్నప్పుడు, డాలర్ ఎంతని లెక్కేసుకున్నారు?"

"మీ దగ్గర ఖాయం చేసుకున్న రేటే వేసుకున్నాను. అందుకే లాభం కాస్త తక్కువైనా ధైర్యంగా ఒప్పుకున్నాను."

"ఆ లాభం ఇప్పుడేమన్నా తగ్గిందా?"

అవతల పుస్తకం పేజీలు తిప్పుతున్న చప్పుడు. వెనకాల యంత్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

"...లేదు సార్. అది అలాగే ఉంది."

పెద్దాయన కాగితం మీద ఆఖరి వరుస వైపు చూశాడు. ఇంతవరకూ అడిగినవన్నీ డీలరమ్మ రాసిన ప్రశ్నలే, ఇది మాత్రం ప్రశ్న కాదు. చదవాలా వద్దా అని ఒక్క క్షణం ఆగి, మెల్లగా చదివాడు. "భయం వెయ్యడం సహజమేనండీ. భయం వేసిన రోజున ఏమీ చెయ్యకపోవడం కూడా ఒక పనే. ముందు కాసిని మంచినీళ్ళు తాగండి."

ఆ డీలింగ్ రూము పుట్టాక, ఆయన నోటి వెంట అలాంటి మాట రికార్డవడం అదే మొదటిసారి.

తీగలాయన నిజంగానే నీళ్ళు తాగినట్టున్నాడు, గుటక వినిపించింది. "సరే సార్. ఉంచెయ్యండి. రద్దు వద్దు. పక్క షెడ్డువాడి పళ్ళు వాడివి, నాకెందుకు." కాస్త నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "సార్, ఏమనుకోకండి. ఆ మాటలు మీవి కావు. అమ్మాయి అక్కడే ఉంది కదూ?"

రికార్డు లైను మీద పెద్దాయన ఎన్నడూ అబద్ధం చెప్పలేదు.

"ఉందండీ" అన్నాడు. "ఇవాళ్టి వరకూ ఉంది."

ఫోను పెట్టేశాడు. కాగితం తిప్పాడు, ముందువైపు చదివాడు. మళ్ళీ తిప్పాడు.

"ముందువైపు ఏం రాశావో నాకేం అర్థం కాలేదు. ఇటువైపు అర్థమైంది. నువ్వు అమ్మబోయేది ఇదేనా?"

"ఇదే సార్."

"దీనికి డబ్బులిస్తారా జనం?"

"తెలీదు సార్. ఇవ్వకపోతే మా ఆయన లెక్క ఏడాది వరకూ ఉంది."

ఆయన మీసాల్లో నవ్వాడు. "డాలర్ జోలికి రాకూడదు. అది మాది. రాగి, నూనె, అల్యూమినియం, అవి చూసుకో. అదీ మన బ్యాంకు వద్దనుకునేంత చిన్నవాళ్ళకే. వాళ్ళని మనం ఎలాగూ కాదంటున్నాం, నువ్వు వెళితే బ్యాంకుకి పోయేదేముంది? ఆ మేరకు షరతు సడలించమని రాస్తాను. లీగల్ వాళ్ళు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే పైకెళ్ళి పోట్లాడతాను, ఎటూ రమ్మంటున్నారుగా. నోటీసు మూడు నెలలూ మాత్రం ఎవరికీ ఒక్క సలహా చెప్పకూడదు. ఒట్టు."

"ఒట్టు సార్" అంది, చెంపలు తుడుచుకుంటూ.

"ఇది ఫైల్లో పెట్టడానికి పనికిరాదు, రెండు వైపులా నిండిపోయింది. ఇంకోటి రాసివ్వు. ఈసారి నిజం రాయి."

వారం పట్టిన ఉత్తరం అప్పుడు ఐదు నిమిషాల్లో అయిపోయింది. చిన్న తయారీదారులకి సరుకుల ధరల్లో తోడుండే పని మొదలుపెట్టాలని వెళుతున్నాను, ఈ పని నాకు నేర్పింది మీరే అని రాసింది. ఆయన చదివి, ఆఖరి వాక్యం దగ్గర కాస్త ఆగి, "అందినది" అని సంతకం పెట్టాడు. పాత కాగితం మాత్రం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. హెచ్ఆర్ మనిషికి ఇవ్వలేదు.

ఆ హెచ్ఆర్ పిల్ల సెక్యూరిటీ గార్డుతో సహా తలుపు దగ్గర నిలబడి ఉంది. "నేను తీసుకెళతాలే" అన్నాడు పెద్దాయన.

"సార్, రూలు ప్రకారం గార్డు..."

"వెనకాల రమ్మను."

ముగ్గురూ ఆ పొడుగాటి గది దాటారు. మార్కెట్ నడుస్తోంది, ఎవరి చెవికి వాళ్ళ ఫోను. లేచి నిలబడే తీరిక ఎవరికీ లేదు. పక్క కుర్చీ కుర్రాడు మాత్రం రేటు చెబుతూనే, చూడకుండానే చెయ్యి చాపి ఆవిడ మోచెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వదిలాడు.

లిఫ్టు దగ్గర పెద్దాయన చెయ్యి చాపాడు. ఆవిడ మెడలోంచి పాస్ తీసి ఇచ్చింది. లిఫ్టు రావడం లేదు. ఆయన ఆ పాస్ మీద పాత ఫొటో చూస్తూ నిలబడ్డాడు. రెండు జడలు, భయంభయంగా పెట్టిన మొహం.

"సార్, కోపం పోయిందా?" అంది.

"కోపమెవరికే" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆవిణ్ణి చనువుగా "ఎవరికే" అనగా గార్డు వినడం అదే మొదలు. ఆవిడ వినడమూ అదే మొదలు. "పాతికేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. ఎవడు వచ్చినా ముందు అదే చెప్పాను. ఏది పోతుందో ముందే చూసుకోండి, దానికి కవర్ తీసుకోండి, ఖాళీగా నిలబడకండి అని. ప్రతిదానికీ తీసుకున్నాను. నువ్వు వెళ్ళిపోతావన్నదానికి మాత్రం తీసుకోలేదు."

లిఫ్టు వచ్చింది. ఆవిడ లోపలికి వెళ్ళలేకపోయింది. తలుపులు మూసుకోబోతుంటే ఆయనే చెయ్యి అడ్డం పెట్టి పట్టుకున్నాడు. ఆవిడ ఏడుపు అయ్యేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.